పెరట్లో దొంగ అడుగు పడింది, క్లూస్ టీం అచ్చు తియ్యకుండా వెళ్ళిపోయింది. ఇది సరేనా?

ఆమదాలవలస_అను
మొన్న గురువారం రాత్రి మా అమ్మావాళ్ళింట్లో దొంగలు పడ్డారు. ఆమదాలవలస దగ్గర పల్లె. అమ్మా నాన్నా పెళ్ళికని శ్రీకాకుళం వెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయారు. పొద్దున్న ఆరింటికి వస్తే పెరటి తలుపు గడియ ఊడి వేలాడుతోంది. బీరువా బార్లా తీసుంది, మూడున్నర తులాల బంగారం లేదు.
పోలీసులు వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఈలోగా ఊరంతా మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఏడుస్తూనే కింద పడున్న చీరలన్నీ మడతపెట్టేసింది. గుమ్మం దగ్గర గునపం పడుంటే పిల్లలకి తగులుతుందని నాన్న తీసి గోడకి చేర్చారు. మా తమ్ముడొక్కడే కాస్త బుర్ర పెట్టాడు. పెరట్లో అరటి పాదు పక్కన తడి మట్టిలో చెప్పు అడుగు స్పష్టంగా ఉంటే దాని మీద ప్లాస్టిక్ టబ్బు బోర్లించాడు.
క్లూస్ టీం వాళ్ళు పదకొండింటికి వచ్చారు. నలభై నిమిషాలు ఉన్నారు. బీరువాకి, ఒక స్టీలు చెంబుకి మాత్రం పౌడరు రాశారు. టబ్బు తీసి అడుగుకి రెండు మూడు ఫోటోలు తీశారు, మళ్ళీ టబ్బు పెట్టేశారు. అడుగులో పొడి కలిపి పోసి అచ్చు తియ్యలేదు. పైగా అమ్మానాన్నల వేలిముద్రలు తీసుకెళ్ళారు, మేమే దొంగలైనట్టు. సాయంత్రానికి వాన. ఇంక ఆ అడుగు సంగతి వదిలేసుకున్నాం.
పని ఇలాగే చేస్తారా? అసలు ఎలా చెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

వంశధార_గట్టు
జాగిలం రాలేదా? అదొస్తే ఇవన్నీ ఏటికి, తిన్నగా దొంగ ఇంటికే ఎలిపోద్ది.

ఆమదాలవలస_అను
వచ్చింది. పెరటి దారిన మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఎస్సైకి_చదువుతున్నా
కొత్త చట్టం ప్రకారం ఇది పెద్ద తప్పు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 176(3) చూడండి. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తియ్యాలి. ఇంట్లో దొంగతనం బీఎన్‌ఎస్ 305, ఏడేళ్ళ దాకా శిక్ష. కాబట్టి అచ్చు తియ్యకపోవడం చట్ట ఉల్లంఘనే. ఎస్పీ గారికి అర్జీ పెట్టండి.

పాత_వేలిముద్ర
ఇరవై రెండేళ్ళు ఈ పనే చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ తిరిగాను. అనూ, అమ్మా, నీ బాధలో కొంత న్యాయం ఉంది, కొంత అపార్థం ఉంది. ఒక్కొక్కటే చెబుతాను.

ముందు వేలిముద్రల సంగతి. అమ్మానాన్నల ముద్రలు తీసుకున్నది వాళ్ళని అనుమానించి కాదు. ఆ బీరువా పిడి మీద రోజూ పడేవి మీ అమ్మ చేతులే. పౌడరు రాస్తే పది ముద్రలు లేస్తాయి. అందులో ఎనిమిది ఇంటివాళ్ళవని తేలితేనే మిగతా రెండు ఎవరివా అని వెతకడం మొదలవుతుంది. ఇంటివాళ్ళవి తీసుకోకుండా వెళ్ళిపోయుంటే అప్పుడు నువ్వు గట్టిగా అడగాల్సింది. ఆ పొద్దున్న బీరువా ముట్టుకున్న ఇరుగుపొరుగు వాళ్ళవీ తీసుకోవాలి నిజానికి. తీసుకున్నారా?

రెండోది, రెండు చోట్లే పౌడరు రాశారన్నావు. పౌడరు ముద్ర నున్నటి వాటి మీదే లేస్తుంది. స్టీలు, గాజు, రంగేసిన ఇనుము, పింగాణీ అలాంటివి. మీ పెరటి తలుపు రంగు లేని చెక్క అయుంటుంది, గోడ గరుకు సిమెంటు అయుంటుంది. వాటికి బ్రష్షు వేస్తే నల్ల మరకలే తప్ప గీతలు కనిపించవు. ముదురు రంగు బీరువాకి తెల్లదో బూడిద రంగుదో వాడుంటారు, స్టీలు చెంబుకి నల్లది. ఆ మాత్రం ఎంపిక చేశారంటే పని తెలిసినవాళ్ళే.

అడుగు సంగతికి వస్తే అక్కడ నాకూ బాధగానే ఉంది. దాని గురించి తీరిగ్గా రాస్తాను, మనవడిని ట్యూషన్‌కి దింపి రావాలి.

ఆమదాలవలస_అను
అంటే అమ్మని దొంగలా చూడలేదన్నమాట. ఇది ఆమెకి చదివి వినిపించాను మాస్టారూ, కాస్త స్థిమితపడింది. పక్కింటివాళ్ళవి తీసుకోలేదు. తలుపు మీరన్నట్టే రంగు లేని చెక్క.

పలాస_జీడి
సీసీ కెమెరా ఏ కంపెనీది మంచిదో ఎవరైనా చెప్పగలరా? మా జీడితోటలో కూడా పెడదామనుకుంటున్నాం.

బొబ్బిలి_కోట
బాబూ, అది వేరే చర్చ. ఇక్కడ అడుగు గురించి మాట్లాడుతున్నారు.

రాజాం_స్టూడియో
నాది ఫోటో స్టూడియో. ఇదివరకు స్టేషన్ నుంచి కబురొస్తే మేమే వెళ్ళి తీసేవాళ్ళం, పెళ్ళి ఫోటోలకి ఎంత పిలుపో దీనికీ అంతే. అడుగుకి ఫోటో ఉండగా అచ్చుతో పనేటి? ఇప్పుడు కెమెరాల్లో అంత స్పష్టత వచ్చాక అచ్చు పొయ్యడం పాత పద్ధతి. కాస్త పక్కనుంచి వాలుగా, ఫ్లాష్ వేసి తీస్తే ప్రతి గీతా పడుతుంది. కాబట్టి వాళ్ళు ఫోటోతో సరిపెట్టడం తప్పు కాదు.

పాత_వేలిముద్ర
రాజాం బాబూ, నువ్వు చెప్పినదాంట్లో వాలుగా అన్నమాట సగం నిజం. వాలాల్సింది వెలుగు, కెమెరా కాదు.

కెమెరా అడుగుకి తిన్నగా నడినెత్తిన ఉండాలి, స్టాండు మీద. పక్కనుంచి తీస్తే ముందుభాగం పెద్దగా, వెనక భాగం చిన్నగా పడి కొలత పనికిరాకుండా పోతుంది. టార్చి మాత్రం నేలకి దగ్గరగా, అడుగుకి కొంచెం దూరంలో పట్టుకోవాలి. అప్పుడు ప్రతి గాడికీ నీడ పడుతుంది. ఒక వైపు నుంచి ఒకటి, ఇంకో వైపు నుంచి ఇంకొకటి, అలా నాలుగు పక్కల నుంచీ తియ్యాలి. ఒక పక్క వెలుగులో కనిపించని గాటు ఇంకో పక్క వెలుగులో తేలుతుంది. ఎండ ఎక్కువుంటే గొడుగు అడ్డం పట్టి మరీ టార్చి వేసేవాళ్ళం.

ఇంక స్కేలు. మొదట స్కేలు లేకుండా ఒకటి, తర్వాత స్కేలు పెట్టి. స్కేలు ఎక్కడ పెడుతున్నామన్నది చాలామంది పట్టించుకోరు. అడుగు రెండు సెంటీమీటర్ల లోతు దిగిందనుకో, స్కేలు పైన నేల మీద పెట్టావనుకో. కెమెరా స్కేలుకి యాభై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అడుగు యాభై రెండు దూరంలో ఉన్నట్టు. 28 సెంటీమీటర్ల చెప్పు ఆ ఫోటోలో లెక్కకడితే 27కి దిగిపోతుంది. చెప్పు సైజే మారిపోయింది! అందుకని అడుగు పక్కన, దాన్ని తాకకుండా చిన్న గాడి తవ్వి, అడుగు అట్టడుగు మట్టానికి స్కేలు దించాలి.

రాజాం_స్టూడియో
ఈ స్కేలు లోతు సంగతి ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు సార్. వెలుగు గురించి మీరన్నది చదివితే ఒకటి గుర్తొస్తోంది. ఒకసారి ఒక కేసులో తిన్నగా పైనుంచి ఫ్లాష్ వేసి తీశాను. ప్రింటు వేస్తే అడుగు బల్లపరుపుగా, తెల్లటి మచ్చలా ఉంది. గాడి ఒక్కటీ లేదు. ఎస్సై గారు మళ్ళీ తియ్యమన్నారు గానీ అప్పటికే దాని మీదుగా ఎద్దుబండి పోయింది. ఆ ఫోటో ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

బొబ్బిలి_కోట
ఎద్దుబండి తగలకుండా కాపలా పెట్టాల్సింది మీరు కాదుగా. బాధపడకండి.

మధ్యవర్తి_మెంటాడ
నేను వీఆర్వోగా ఉన్నప్పుడు పంచనామాలకి మధ్యవర్తిగా చాలాసార్లు సంతకం పెట్టాను. ఫోటోలూ అచ్చులూ అన్నీ చెబుతున్నారు, రఫ్ స్కెచ్ ఊసే ఎవరూ ఎత్తలేదు. కోర్టులో మమ్మల్ని ఇరుకున పెట్టేది అదే.
ఒక కేసులో స్కెచ్‌లో "నుయ్యి నుంచి అడుగు పది అడుగులు" అని రాశారు. డిఫెన్సు లాయరు గారు నన్ను నిలబెట్టి అడిగాడు, "నూతి గట్టు గుండ్రంగా ఉంటుంది కదా, ఏ చోటి నుంచి కొలిచారు? ఎవరి అడుగులతో కొలిచారు?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి స్కెచ్ అక్కడ గీసిందే కాదు, సాయంత్రం స్టేషన్‌లో కూర్చుని గీశారు. నేను సంతకం పెట్టేశాను. తర్వాత ఎప్పుడూ అలా పెట్టలేదు. టేపు పట్టుకుని కొలిస్తేనే సంతకం అనేవాడిని.

పాత_వేలిముద్ర
మెంటాడ గారూ, మీ అనుభవం బంగారంలాంటిది. అను వాళ్ళ పెరడునే తీసుకుని చెబుతాను. అమ్మా, మీ పెరట్లో నుయ్యి ఉందా?

ఆమదాలవలస_అను
ఉంది. గిలక స్తంభం సిమెంటుది. తలుపుకి ఎదురుగా, కాస్త ఎడమకి.

పాత_వేలిముద్ర
సరిపోయింది. కదలని చోట్లు రెండు కావాలి. ఒకటి పెరటి తలుపు కుడి ద్వారబంధం మూల, రెండోది గిలక స్తంభం మూల. నూతి గట్టు కాదు, మెంటాడ గారిని లాయరు పట్టుకున్నది అక్కడే. అరటిచెట్టు అసలే కాదు, వచ్చే ఏడాదికి కొట్టేస్తారు.

ముందు ఆ రెండింటి మధ్య దూరం టేపుతో కొలవాలి. అయిదు మీటర్ల అరవై అనుకుందాం. తర్వాత ద్వారబంధం నుంచి అడుగు మడమ దాకా నాలుగు మీటర్ల ఇరవై. స్తంభం నుంచి అదే మడమ దాకా మూడు మీటర్ల పది. ఈ మూడు కొలతలూ ఉంటే పదేళ్ళ తర్వాత కూడా ఎవరైనా ఆ పెరట్లోకి వెళ్ళి, రెండు తాళ్ళు కట్టి, ఆ రెండూ కలిసే చోట వేలు పెట్టగలరు. కాకపోతే తాళ్ళు రెండు చోట్ల కలుస్తాయి, ద్వారబంధాన్నీ స్తంభాన్నీ కలిపే గీతకి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. అందుకని "తూర్పు వైపు" అని తప్పనిసరిగా రాయాలి. దానికి ఉత్తరం బాణం వెయ్యాలి. చాలా స్కెచ్‌లలో ఈ బాణమే ఉండదు, ఉన్నా ఊహించి వేసినదే ఉంటుంది.

అడుగు ముందు వైపు ఎటు చూస్తోందో కూడా గీయాలి. తలుపు వైపు చూస్తుంటే వచ్చేటప్పటిది, గోడ వైపు చూస్తుంటే పోయేటప్పటిది. ఫోటోలో ఇది అంత తేలిగ్గా అర్థం కాదు, స్కెచ్‌లో ఒక్క చూపులో తెలిసిపోతుంది. గీత అందంగా ఉండక్కర్లేదు, "కొలబద్దకు లోబడినది కాదు" అని కింద రాస్తే చాలు. కానీ ఏ వస్తువూ కదపకముందే, అక్కడే నిలబడి కొలవాలి.

సాలూరు_ఘాట్
మా బావ కానిస్టేబులు. ఇద్దరే వెళ్తారు, ఒకడు జనాన్ని ఆపాలి, ఒకడు ఎస్సైకి ఫోన్లు చెయ్యాలి. టేపు ఎవడు పట్టుకుంటాడు సార్? రాసినంత తేలిక కాదు.

పాత_వేలిముద్ర
నీ మాట నిజమే నాయనా. అందుకే మొదట వెళ్ళినవాళ్ళు చెయ్యాల్సింది ఒక్కటే, తాడు కట్టడం. ఏ ఆధారమూ వాళ్ళు తియ్యక్కర్లేదు. చీర కొంగైనా, పశువుల పలుపైనా కట్టి, లోపలికి ఎవరు వెళ్ళినా ఒకే దారిన వెళ్ళేలా చూడాలి. ఆ దారి దొంగ వచ్చిన దారి కాకూడదు. అను వాళ్ళింట్లో దొంగ పెరటి వైపు నుంచి వచ్చాడు కాబట్టి అందరూ వీధి గుమ్మం నుంచే రావాలి. లోపలికి వెళ్ళినవాళ్ళ పేరూ టైమూ ఒక కాగితం మీద రాసుకుంటే, ఎవరి ముద్రలు విడిగా తీసుకోవాలో ఆ కాగితమే చెబుతుంది.
తాడు కూడా మనం అనుకున్నదానికంటే దూరంగా కట్టాలి. చిన్నదిగా కట్టి తర్వాత పెంచుదామంటే, పెంచాల్సిన చోట అప్పటికే వందమంది తొక్కేసుంటారు.

వంశధార_గట్టు
మరి నా జాగిలం ప్రశ్నకి జవాబు?

పాత_వేలిముద్ర
జాగిలం మంచి సాయం, దారి చూపిస్తుంది. అది చూపించినంత మాత్రాన కోర్టు శిక్ష వెయ్యదు, వేరే ఆధారం తోడు కావాలి. ఊరంతా తిరిగాక వస్తే ఏ వాసన పట్టుకోవాలో దానికీ కష్టమే. మెయిన్ రోడ్డు దగ్గర ఆగిందంటే అక్కడ బండెక్కి ఉండొచ్చు. ఆ చోట టైరు గుర్తులు ఎవరైనా చూశారా అని అడగాలి.

గునుపూరు_రోడ్డు
గునపం సంగతి ఎవరూ అనలేదు. నాన్నగారు ముట్టుకున్నారు కాబట్టి అది ఇంక దండగ కదా?

పాత_వేలిముద్ర
దండగ కాదు. తుప్పు పట్టిన గునపం మీద వేలిముద్ర దొరకడం ఎలాగూ అరుదు. దాని విలువ మొనలో ఉంది. గడియ పెకలించినప్పుడు చెక్కలో నొక్కు పడుతుంది, ఆ నొక్కు వెడల్పు, అంచులో ఉన్న చిన్న చిన్న వంపులు మొనతో సరిపోతాయా అని లాబ్‌లో చూస్తారు. మొనకి చెక్క పీచో రంగు పెచ్చో అంటుకుని ఉండొచ్చు.
ఇక్కడ మంచి మనసున్నవాళ్ళు కూడా చేసే తప్పు ఒకటుంది. "ఇది ఆ కంతలో సరిపోతుందా" అని గునపం తీసుకెళ్ళి నొక్కులో పెట్టి చూస్తారు. ఆ క్షణంలో కొత్త గీతలు పడిపోయాయి, మొన మీదున్న పెచ్చు నొక్కులోకి, నొక్కులో ఉన్నది మొన మీదికి వెళ్ళింది. ఇంక ఆ రెండూ ఆధారం కాదు. అనూ, ఎవరైనా అలా పెట్టి చూశారా?

ఆమదాలవలస_అను
తమ్ముడిని అడిగాను. పెడదామనుకున్నాడట, ఎస్సై గారు కసిరారట. ఇప్పుడు ఎస్సై గారి మీద కోపం తగ్గింది.

ల్యాబ్_అక్క
నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తం మరకలుంటే వెంటనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి, గాలి తగలకూడదు. మా దగ్గర శాంపిల్స్ అన్నీ అంతే.

పాత_వేలిముద్ర
అమ్మా, మీ దగ్గర ట్యూబులో ఉండే పచ్చి రక్తానికి ఫ్రిజ్ సరే. బట్టకో గాజుపెంకుకో అంటిన మరకని తడిగా ప్లాస్టిక్‌లో కడితే మన ఎండలకి కవరు లోపల చెమట పడుతుంది, బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడైపోతుంది. నీడలో ఆరనిచ్చి, కాగితం కవర్లోనే పెట్టాలి. ఒక్కో వస్తువుకి ఒక్కో కవరు, మధ్యలో చేతి తొడుగులు మార్చుకోవాలి.

ల్యాబ్_అక్క
ఓ, మరక వేరు శాంపిల్ వేరు. అర్థమైంది.

ఎస్సైకి_చదువుతున్నా
గురువుగారూ, నా 176(3) గురించి ఏమీ అనలేదు. మరో ప్రశ్న, మా మెటీరియల్‌లో అడుగు అచ్చుకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని ఉంది. అదేనా వాడేది?

పాత_వేలిముద్ర
సెక్షన్ బాగానే చదివావు. కానీ అదే సెక్షన్‌లో రాష్ట్రం నోటిఫై చేసిన తేదీ నుంచి అని ఉంది, దానికి అయిదేళ్ళ వ్యవధి ఇచ్చారు. అది కూడా చదువు. పైగా ఇక్కడ నిపుణులు వచ్చారు కదా. అచ్చు తీసి తీరాలని ఆ సెక్షన్ అనదు. ఉల్లంఘన అనే మాట అంత తొందరగా వాడకు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నేను ఎన్నో తీశాను. అది మెత్తన. ఆరాక మట్టి కడుగుతుంటే పైన ఉన్న సన్నటి గీతలు కూడా చేతికి వచ్చేస్తాయి. తర్వాత్తర్వాత డెంటల్ స్టోన్‌కి మారాం, పళ్ళ డాక్టర్లు అచ్చులకి వాడే పొడి అది. గట్టిగా ఉంటుంది, వెంట్రుకంత గీత కూడా నిలుస్తుంది.

చేసే తీరు చెబుతాను. ఒక చెప్పు అడుగుకి కిలో పొడి, దానికి సుమారు 350 మిల్లీలీటర్ల నీళ్ళు. జిప్పున్న గట్టి ప్లాస్టిక్ సంచిలో రెండూ పోసి మూడు నాలుగు నిమిషాలు చేత్తో పిసకాలి. దోసెల పిండి జారు రావాలి. చిక్కగా ఉంటే గాళ్ళలోకి దిగదు, మరీ పల్చనైతే గట్టిపడదు. ఎత్తు నుంచి అడుగు మీద ధారగా పోస్తే ఆ దెబ్బకి మట్టి లేచిపోతుంది. అడుగు పక్కన, నేలకి దగ్గరగా పోసి, అదే పారుకుంటూ లోపలికి వెళ్ళేలా చెయ్యాలి. గట్టిపడకముందే పైన పుల్లతో కేసు నంబరు, తేదీ, ఉత్తరం గుర్తు గీసెయ్యాలి. అరగంట ఆగి ఎత్తాలి. కింద అంటుకున్న మట్టిని అప్పుడే గోకకూడదు. రెండు రోజులు ఆరనివ్వాలి, ఆ మట్టితోనే లాబ్‌కి పంపినా తప్పులేదు.

ఫోటోలన్నీ అయ్యాకే అచ్చు. అచ్చు తీస్తే అడుగు పోయినట్టే, మళ్ళీ రాదు.

హెడ్డుగారు_నరసన్నపేట
పాత వేలిముద్ర గారూ, నేనూ మీ కాలం వాడినే. ప్లాస్టర్‌ని మరీ తీసెయ్యకండి. చిటికెడు ఉప్పు వేస్తే తొందరగా బిగిసేది, మధ్యలో వెదురు పుల్లలు పెడితే విరిగేది కాదు. ఊళ్ళో ఎక్కడైనా దొరికేది. డెంటల్ స్టోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వాన వచ్చేస్తుంది. దొరికినదానితో తీసినవాడే నయం.

పాత_వేలిముద్ర
హెడ్డుగారూ, ఏమీ లేనప్పుడు ప్లాస్టరే దిక్కు, ఒప్పుకుంటాను. కానీ కిట్‌లో డెంటల్ స్టోన్ పెట్టుకోవడం కష్టమేమీ కాదు, సంచిలో పొడి ముందే తూచి పెట్టుకుంటే నీళ్ళు పొయ్యడమే పని.

హెడ్డుగారు_నరసన్నపేట
పెట్టుకుంటే మంచిదే. పెట్టుకుని ఉంటే అను గారి పెరట్లో తీసేవారు కదా. నా మాట నాదే.

బొబ్బిలి_కోట
ఇంతకీ అచ్చు తీస్తే ఏం తేలుతుంది? అందరూ అవే హవాయి చెప్పులు వేసుకుంటారు. మా వీధిలోనే పదిమందివి ఒకటే రకం, గుడి దగ్గర రోజూ మారిపోతుంటాయి.

పాత_వేలిముద్ర
మంచి ప్రశ్న. అడుగులో డిజైను, సైజు ఒక్క మనిషిని చెప్పవు. సంతలో ఆ జత వందలు అమ్ముడుపోయి ఉంటాయి. అవి ఎవర్ని వదిలెయ్యాలో చెబుతాయి, అంతే. ఒక్క చెప్పునే పట్టించేది అరుగుదల, గాటు, దిగబడిన మేకు, తెగిన పట్టీకి అడుగున గుచ్చిన పిన్నీసు, అలాంటివి.

పాలకొండ వైపు ఒక కేసులో కుడి చెప్పు అడుగుజాడలో మడమ బయటి అంచున చంద్రవంకలా చిన్న గాటు పడింది. ఫోటోలో అది మట్టి పగులో, గాటో తెలియలేదు. అచ్చులో చూస్తే గాటు అంచు నిలువుగా, పదునుగా ఉంది, లోపల లోతు సమంగా ఉంది. మట్టి పగులు అలా ఉండదు, వంకరటింకరగా పోతుంది. తర్వాత దొరికిన చెప్పులో అదే చోట అదే వంక ఉంది. దొంగతనం జరిగిన పదిహేను రోజులకి దొరికింది కాబట్టి గాటు మారలేదు. ఆరు నెలలు తొడిగి తిరిగి ఉంటే అరిగిపోయేది, అప్పుడు నేనేమీ చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఆమదాలవలస_అను
మాస్టారూ, క్లూస్ టీం రాకముందే తమ్ముడు కూడా ఫోన్‌తో రెండు ఫోటోలు తీశాడు. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టాడు. పెద్దది చేసి చూస్తే మడమ దగ్గర అడ్డంగా ఒక గీత ఉంది, కోసినట్టు. ఇక్కడ పెట్టనా?

పాత_వేలిముద్ర
ఇక్కడ పెట్టొద్దు. దొంగ కూడా చదవొచ్చు, చదివితే ఆ చెప్పులు వంశధారలో కలుస్తాయి. బిళ్ళ పెట్టడం తెలివైన పని, కొలతకి కొంత ఆసరా. ఆ ఫోటో వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, అందులో ఫోటో నలిగి సన్నగీతలు పోతాయి. క్రాప్ చెయ్యొద్దు, అసలు ఫైలు చెరపొద్దు. ఫోన్ పట్టుకుని స్టేషన్‌కే వెళ్ళండి. ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కావాలి, కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద, అది వాళ్ళే రాయించుకుంటారు.
ఇంకొకటి, ఇంట్లో అందరి చెప్పుల అడుగులూ చూశారా? నాన్నగారు నూతి దగ్గరికి ఆ దారినే వెళ్తారేమో.

ఆమదాలవలస_అను
చూశాం. నాన్నవి తోలు చెప్పులు, అడుగు నున్నగా ఉంటుంది. అమ్మ పెరట్లోకి వట్టి కాళ్ళతోనే వెళ్తుంది. తమ్ముడివి బూట్లు. కానీ అడుగే పోయింది కదా, ఫోటోలతో ఎంతవరకు వస్తుందో. టబ్బు మీద మూడు ఇటుకలు పెట్టుంది కాబట్టి ఇంకా అక్కడే ఉంది, ఎవరూ తియ్యలేదు గానీ...

పాత_వేలిముద్ర
ఆగు. టబ్బు ఇంకా తియ్యలేదా? శుక్రవారం నుంచీ అలాగే ఉందా?

ఆమదాలవలస_అను
అవును. అంత వాన పడ్డాక ఇంకేం ఉంటుందని ఎవరూ చూడలేదు.

హెడ్డుగారు_నరసన్నపేట
అమ్మా, ఎవరినీ ముట్టుకోనివ్వకండి! నేల ఎటు వాలు?

ఆమదాలవలస_అను
అరటి పాదు గట్టు ఎత్తుగా ఉంటుంది. నీళ్ళు నూతి వైపు పోతాయి.

పాత_వేలిముద్ర
అయితే నీళ్ళు కిందనుంచి చేరకపోయి ఉండొచ్చు. టబ్బుకి పైవాటున అరచెయ్యి దూరంలో వేలెడు ఎత్తు మట్టి కట్ట వేయించు, మళ్ళీ వానొస్తే నీరు పక్కకి పోతుంది. కట్టకి మట్టి దూరం నుంచి తేవాలి, అడుగు చుట్టుపక్కల తవ్వొద్దు. ఇప్పుడే సీఐ గారికి ఫోన్ చేసి, అడుగు మూసే ఉంది, అచ్చు తీయించండి అని అడుగు. మీరు మాత్రం తెరవొద్దు.

ఎస్సైకి_చదువుతున్నా
నాలుగు రోజుల తర్వాత తీసిన అచ్చు కోర్టులో నిలుస్తుందా గురువుగారూ? మధ్యలో ఎవరైనా టబ్బు ఎత్తి వేరే అడుగు వేశారంటే?

మధ్యవర్తి_మెంటాడ
లాయరు తప్పకుండా అడుగుతాడు. మొదటిరోజు పోలీసు ఫోటోలో ఉన్న అడుగు, అచ్చులో వచ్చిన అడుగు ఒకటే అని చూపించగలిగితే నిలబడొచ్చు.

పాత_వేలిముద్ర
మెంటాడ గారి మాటే నాదీ. కానీ జడ్జి గారు ఒప్పుకుంటారా లేదా అన్నది ఇక్కడ తేలే విషయం కాదు.

ఆమదాలవలస_అను
ఫోన్ చేశాను. సీఐ గారు మొదట "ఇంకా ఉందా?" అన్నారు, తర్వాత మీరు చెప్పినదంతా విన్నారు. రేపు పొద్దున్న ఏడింటికి మనిషిని పంపిస్తామన్నారు. కానీ నేను ఫోన్‌లో ఉండగానే తమ్ముడు ఆగలేక టబ్బు అంచు కొంచెం ఎత్తి టార్చి వేసి చూసేశాడు. తిట్టాను. వేళ్ళ వైపు చీమలు మట్టి తోడేశాయట. మడమ వైపు చెక్కుచెదరలేదట.

పాత_వేలిముద్ర
మడమ చాలమ్మా, గీత ఉన్నది అక్కడే కదా. తమ్ముడు అంచు ఎత్తిన సంగతి, ఎన్నింటికి ఎత్తాడో కూడా వచ్చినవాళ్ళకి దాచకుండా చెప్పమను, వాళ్ళు రాసుకుంటారు. చీమలకని పసుపు, కిరసనాయిలు లాంటివి ఏవీ చల్లొద్దు.

ఆమదాలవలస_అను
అమ్మ అప్పుడే పసుపు డబ్బా పట్టుకొచ్చింది! ఆపేశాను. కట్ట వేయించాం, టబ్బు మీద ఇంకో ఇటుక పెట్టాం. నాన్న మంచం పెరట్లోకి లాక్కుని అక్కడే పడుకుంటానంటున్నారు.